జన్యు సంకరణానికి కై-స్క్వేర్ పరీక్ష రికార్డులో ఎలా రాయాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

కై-స్క్వేర్ లెక్క కట్టడం చాలామందికి వచ్చు. మార్కులు పోయేది, అర్థం చెడేది ఆ లెక్కకు ముందు రాసే రెండు వాక్యాల దగ్గర, తర్వాత రాసే రెండు వాక్యాల దగ్గర. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు వాటికే ఇచ్చాను. ఉదాహరణకు మెండెల్ బఠాణీ గింజల లెక్కనే తీసుకున్నాను. ఆ సంఖ్యలు అందరికీ దొరుకుతాయి, మీరు పక్కన కాగితం పెట్టుకుని సరిచూసుకోవచ్చు.

ఈ పరీక్ష అసలు ఏ ప్రశ్నకు జవాబు చెబుతుంది?

ఒక్క ప్రశ్నకే. నేను లెక్కపెట్టిన సంఖ్యలకూ, నా జన్యు ఊహ ప్రకారం రావాల్సిన సంఖ్యలకూ మధ్య ఉన్న తేడా యాదృచ్ఛికంగా వచ్చేంతదేనా, లేక అంతకు మించినదా?

నాణేన్ని వందసార్లు ఎగరేస్తే కచ్చితంగా యాభై బొమ్మలు పడాలని ఎవరూ అనుకోరు. సంకరణంలోనూ అంతే. ఏ పరాగరేణువు ఏ అండాన్ని చేరుతుందన్నది యాదృచ్ఛికం కాబట్టి 3:1 అని సిద్ధాంతం చెప్పినా, చేతికొచ్చే సంఖ్యలు కొంచెం అటూ ఇటూ ఉంటాయి. ఆ ‘కొంచెం’ ఎంతవరకు ఒప్పుకోవచ్చో ఈ పరీక్ష చెబుతుంది. తేడా ఎందుకు వచ్చిందో మాత్రం చెప్పదు. అది మీరు వెతుక్కోవాలి.

శూన్య పరికల్పనను ఎలా రాయాలి? ‘గమనించిన వాటికీ ఆశించిన వాటికీ తేడా లేదు’ అంటే చాలదా?

చాలదు. ఆ వాక్యం ఏ సంకరణానికైనా అతుకుతుంది. పైగా తేడా ఎప్పుడూ ఎంతో కొంత ఉంటుంది కాబట్టి మాటగా చూసినా అది సరికాదు. పరికల్పనలో మూడు విషయాలు కనిపించాలి: ఏ జన్యు ఊహ చేశారు, దాని నుంచి ఏ నిష్పత్తి వచ్చింది, ఆ నిష్పత్తి ఏ తరానికి వర్తిస్తుంది.

మెండెల్ గుండ్రని పసుపు గింజల మొక్కను ముడతల ఆకుపచ్చ గింజల మొక్కతో సంకరణం చేశాడు. మొదటి తరం గింజలన్నీ గుండ్రంగా, పసుపుగా వచ్చాయి. వాటి నుంచి పెరిగిన 15 మొక్కలు ఆత్మపరాగ సంపర్కంతో 556 గింజలిచ్చాయి. 1865లో బ్రనోలో ప్రకృతి శాస్త్ర సంఘం ముందు చదివిన పత్రంలో ఈ లెక్క ఉంది. దీనికి పరికల్పన ఇలా రాయవచ్చు:

‘గింజ ఆకారాన్ని, రంగును నిర్ణయించేవి రెండు వేర్వేరు జన్యువులు. రెండింటిలోనూ ఒక యుగ్మవికల్పం పూర్తిగా బహిర్గతం. అవి స్వతంత్రంగా వేరుపడతాయి. గింజలన్నీ సమానంగా బతికి లెక్కలోకి వస్తాయి. కాబట్టి ఎఫ్2 గింజలు 9:3:3:1 నిష్పత్తిలో ఉంటాయి.’

చివరి ఊహను, అంటే గింజలన్నీ సమానంగా బతుకుతాయన్నదాన్ని, చాలామంది వదిలేస్తారు. రేపు పరికల్పన విఫలమైతే తప్పు అక్కడే ఉండవచ్చు. అందుకే దాన్ని ముందే కాగితం మీద పెట్టాలి.

ఆశించిన సంఖ్యల్లో దశాంశాలు వస్తున్నాయి. 312.75 గింజలు ఉండవు కదా, 313 అని రాయాలా?

రాయకండి. ఆశించిన సంఖ్య అంటే అదే ప్రయోగం ఎన్నోసార్లు చేస్తే వచ్చే సగటు. సగటుకు దశాంశం ఉండటంలో వింత లేదు. రౌండ్ చేస్తే చిన్న తరగతుల్లో లెక్క మారిపోతుంది, ఒక్కోసారి ఆశించిన సంఖ్యల మొత్తం 556కు సరిపోదు కూడా.

లెక్క సులువే. నిష్పత్తి భాగాలన్నీ కూడితే 16. 556ను 16తో భాగిస్తే 34.75. దాన్ని 9తో గుణిస్తే 312.75, 3తో గుణిస్తే 104.25, 1తో గుణిస్తే 34.75. నాలుగు తరగతులూ కూడి చూడండి, 556 రావాలి. ఈ సరిచూపు దాటకుండా ముందుకు వెళ్లవద్దు.

పట్టిక ఎలా ఉండాలి?

సూత్రం `χ² = Σ (O − E)² / E`. ఇందులో O గమనించిన సంఖ్య, E ఆశించిన సంఖ్య. సూత్రంలోని ప్రతి మెట్టుకూ ఒక నిలువు వరుస ఇవ్వండి. దిద్దేవాళ్లకు ఎక్కడ పొరపాటు జరిగిందో వెంటనే కనిపిస్తుంది, మీకూ కనిపిస్తుంది.

| దృశ్యరూపం | O | E | O − E | (O − E)² | (O − E)² / E |
|---|---|---|---|---|---|
| గుండ్రని పసుపు | 315 | 312.75 | 2.25 | 5.0625 | 0.016 |
| గుండ్రని ఆకుపచ్చ | 108 | 104.25 | 3.75 | 14.0625 | 0.135 |
| ముడతల పసుపు | 101 | 104.25 | −3.25 | 10.5625 | 0.101 |
| ముడతల ఆకుపచ్చ | 32 | 34.75 | −2.75 | 7.5625 | 0.218 |
| మొత్తం | 556 | 556 | 0 | | 0.470 |

O − E వరుస మొత్తం ఎప్పుడూ సున్నా రావాలి. రాకపోతే ఆశించిన సంఖ్యల్లోనో, తీసివేతలోనో తప్పు ఉంది. ఇంకో సంగతి గమనించండి. ముడతల ఆకుపచ్చ తరగతిలో తేడా 2.75 మాత్రమే, గుండ్రని ఆకుపచ్చలో 3.75. అయినా మొదటిదే ఎక్కువ విలువ తెచ్చింది. 35 గింజలు రావాల్సిన చోట మూడు తగ్గడం, 104 రావాల్సిన చోట నాలుగు పెరగడం కన్నా పెద్ద విషయం. వర్గాన్ని E తో భాగించేది అందుకే.

సంఖ్యలకు బదులు శాతాలతో చేయవచ్చా?

వద్దు. రికార్డుల్లో కనిపించే తప్పుల్లో నిర్ణయాన్నే తలకిందులు చేయగలిగింది ఇది. కై-స్క్వేర్‌లో మీరు ఎన్ని లెక్కపెట్టారన్నది దాగి ఉంటుంది. శాతాలు వేస్తే ఆ సమాచారం పోయి, మీరు ఎన్ని లెక్కపెట్టినా పరీక్ష ‘వంద’ అనుకుంటుంది.

3:1 ఆశించిన సంకరణంలో 20 మొక్కల్లో 12 పొడవు, 8 పొట్టి వచ్చాయనుకుందాం. ఆశించినవి 15, 5. కై-స్క్వేర్ 9/15 + 9/5, అంటే 2.4. దీన్ని పోల్చాల్సిన హద్దు, కింద చెప్పబోయే కై-స్క్వేర్ పట్టిక ప్రకారం, 3.841. అది దాటలేదు కాబట్టి 3:1ను తిరస్కరించలేం. అదే పాళ్లలో 50 మొక్కలు లెక్కపెట్టి 30, 20 వచ్చి ఉంటే కై-స్క్వేర్ 6.0 అవుతుంది, తిరస్కరించాలి. ఇక ఆ 20 మొక్కలనే 60 శాతం, 40 శాతం అని రాసి లెక్క చేస్తే 12.0 వస్తుంది. ఇరవై మొక్కలతో చెప్పలేని మాటను గట్టిగా చెప్పినట్టవుతుంది. శాతాలు చూపించాలనిపిస్తే పక్కన వేరే వరుసలో చూపండి, లెక్కలోకి తేవద్దు.

డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఎందుకు 3? 556 గింజలున్నాయి కాబట్టి 555 కాదా? రెండు జన్యువులు కాబట్టి 2 కాదా?

రెండూ కాదు. ఇక్కడ లెక్కించేది గింజలనూ కాదు, జన్యువులనూ కాదు. దృశ్యరూప తరగతులను.

మొత్తం 556 అని స్థిరంగా తెలుసు. మొదటి మూడు తరగతుల్లో 315, 108, 101 అని చెప్పగానే నాలుగోది ఎంతో నేను చెప్పకుండానే మీరు చెప్పేస్తారు: 556 నుంచి 524 తీసేస్తే 32. అది మారడానికి స్వేచ్ఛ లేదు. స్వేచ్ఛగా మారగలిగినవి మూడు. అందుకే తరగతుల సంఖ్యలోంచి ఒకటి తీసేయాలి: 4 − 1 = 3.

జన్యువులను లెక్కించడం ఎందుకు తప్పో 9:7 నిష్పత్తి దగ్గర బాగా తెలుస్తుంది. అక్కడా రెండు జన్యువులే, కానీ కంటికి కనిపించే తరగతులు రెండే, కాబట్టి డిగ్రీ 1. 9:3:4 అయితే మూడు తరగతులు, డిగ్రీలు 2. సంఖ్య తక్కువని రెండు తరగతులను కలిపేస్తే, కలిపిన తర్వాత మిగిలిన తరగతులను లెక్కించాలి.

ఒక హెచ్చరిక. నిష్పత్తి సిద్ధాంతం నుంచి వచ్చినప్పుడే ‘ఒకటి తీసేయాలి’ అన్నది సరిపోతుంది. మీ డేటా నుంచే ఏదైనా విలువ కట్టి దానితో ఆశించిన సంఖ్యలు వేస్తే, అలా కట్టిన ప్రతి విలువకూ ఇంకొకటి తీసేయాలి. హార్డీ-వీన్‌బర్గ్ లెక్కలో యుగ్మవికల్పాల పౌనఃపున్యాన్ని డేటా నుంచే తీసుకుంటాం. అందుకే అక్కడ మూడు జన్యురూపాలున్నా డిగ్రీ 1 మాత్రమే. 9:3:3:1లో ఆ గొడవ లేదు.

కై-స్క్వేర్ పట్టికలో ఏ విలువ చూడాలి? పి-విలువను మాటల్లో ఎలా చెప్పాలి?

0.05 నిలువు వరుసలో మీ డిగ్రీల ఎదురుగా ఉన్న విలువ చూడాలి. ఒక డిగ్రీకి 3.841, రెండింటికి 5.991, మూడింటికి 7.815. సంకరణాల్లో ఎక్కువగా అవసరమయ్యేవి ఈ మూడే. మీ కై-స్క్వేర్ ఈ విలువను దాటితే పరికల్పనను తిరస్కరిస్తారు, దాటకపోతే తిరస్కరించరు. 0.05 అన్న హద్దును లెక్క చేయకముందే రాసిపెట్టండి.

మన 0.470కి మూడు డిగ్రీల దగ్గర పి-విలువ సుమారు 0.93. దీన్ని ‘9:3:3:1 నిజం కావడానికి 93 శాతం అవకాశం ఉంది’ అని చదవకూడదు. సరైన చదువు వేరు: నిజంగానే 9:3:3:1 అయితే, ఇదే ప్రయోగం మళ్లీ మళ్లీ చేసినప్పుడు దాదాపు 93 శాతం సార్లు ఇంత తేడా గానీ ఇంతకన్నా ఎక్కువ తేడా గానీ వస్తుంది. అంటే మెండెల్ చూసిన తేడా చాలా చిన్నది. పి-విలువ పరికల్పన నిజమని ముందే అనుకుని కట్టేది, కాబట్టి పరికల్పన నిజం కావడానికి సంభావ్యత అదే చెప్పలేదు.

ముగింపు ఎలా రాయాలి? ఒక నమూనా ఇవ్వగలరా?

నేనైతే ఇలా రాస్తాను:

‘లెక్కించిన కై-స్క్వేర్ విలువ 0.470, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 3. 0.05 స్థాయిలో పట్టిక విలువ 7.815. లెక్కించిన విలువ తక్కువ కాబట్టి (p ≈ 0.93) శూన్య పరికల్పనను తిరస్కరించడం లేదు. 556 ఎఫ్2 గింజల్లో కనిపించిన తేడా యాదృచ్ఛికంగా రాగలిగినదే. గింజ ఆకారం, రంగు జన్యువులు స్వతంత్రంగా వేరుపడతాయన్న ఊహకు ఈ ఫలితాలు అనుగుణంగా ఉన్నాయి.’

చివరి వాక్యం లేకపోతే అది లెక్కల రికార్డు అవుతుంది, జన్యుశాస్త్రం రికార్డు కాదు. ముగింపు మళ్లీ గింజల దగ్గరికి, జన్యువుల దగ్గరికి రావాలి.

‘అనుగుణంగా ఉన్నాయి’ అన్న మాటను మార్చి ‘నిరూపించబడింది’ అని రాయవద్దు. ఇదే డేటాకు దగ్గరగా ఉండే వేరే నిష్పత్తులు కూడా ఈ పరీక్షలో నెగ్గుతాయి. ఇరవై మొక్కల ఉదాహరణలో 12:8 అన్నది 3:1కి లోబడినట్టే 1:1కీ లోబడుతుంది. 1:1కి ఆశించినవి 10, 10, కై-స్క్వేర్ 0.8. రెండు పరికల్పనలూ నిలబడ్డాయి, రెండూ నిజం కాలేవు. అలాంటప్పుడు ‘మొక్కలు తక్కువ కావడం వల్ల 3:1కీ 1:1కీ మధ్య తేల్చలేకపోయాం’ అని నేరుగా రాయడమే మంచి ముగింపు.

పరికల్పనను తిరస్కరించాల్సి వస్తే? అక్కడితో ఆపేయవచ్చా?

ఆపేస్తే అసలు ఆసక్తికరమైన పని వదిలేసినట్టే. తీపి బఠాణీల మీద బేట్‌సన్, సాండర్స్, పన్నెట్ చేసిన సంకరణం దీనికి చక్కటి ఉదాహరణ. ఊదా పూలు ఎరుపు మీద బహిర్గతం, పొడవు పరాగరేణువులు గుండ్రని వాటి మీద బహిర్గతం. ఊదా-పొడవు మొక్కను ఎరుపు-గుండ్రంతో సంకరణం చేస్తే ఎఫ్2లో 6952 మొక్కలు ఇలా వచ్చాయి: ఊదా-పొడవు 4831, ఊదా-గుండ్రం 390, ఎరుపు-పొడవు 393, ఎరుపు-గుండ్రం 1338.

9:3:3:1 ప్రకారం రావాల్సినవి 3910.5, 1303.5, 1303.5, 434.5. కై-స్క్వేర్ సుమారు 3372 వస్తుంది. హద్దు 7.815 మాత్రమే. కంటికే తెలిసిపోయే తేడా ఇది. ‘తిరస్కరించాం’ అని రాసి వదిలేస్తే, పరికల్పనలోని ఏ ఊహ తప్పో తెలియకుండా పోతుంది.

కాబట్టి ఒక్కో జన్యువును విడిగా పరీక్షించండి. ఊదా మొత్తం 5221, ఎరుపు 1731. 3:1 ప్రకారం 5214, 1738 రావాలి. తేడా ఏడే, కై-స్క్వేర్ 0.04. పొడవు 5224, గుండ్రం 1728. తేడా పది, కై-స్క్వేర్ 0.08. ఒక్కో డిగ్రీకి హద్దు 3.841 కాబట్టి రెండూ హాయిగా నిలబడ్డాయి. అంటే బహిర్గతత్వం సరిగానే ఉంది, పృథక్కరణం సరిగానే ఉంది, ఏ రకం మొక్కలూ ప్రత్యేకంగా చచ్చిపోలేదు. పరికల్పనలో మిగిలింది స్వతంత్రంగా వేరుపడతాయన్న ఊహ ఒక్కటే. విరిగింది అదే.

ఎటువైపు విరిగిందో O − E గుర్తులు చెబుతాయి. తల్లిదండ్రుల్లో ఉన్న రెండు కలయికలూ ఎక్కువ వచ్చాయి, కొత్త కలయికలు రెండూ తక్కువ వచ్చాయి. ఇది సహలగ్నత గుర్తు. రెండు జన్యువులూ ఒకే క్రోమోజోమ్ మీద దగ్గరగా ఉన్నాయన్న వివరణ తర్వాత మోర్గాన్ ఈగల పనితో వచ్చింది. రికార్డులో ‘9:3:3:1ను తిరస్కరిస్తున్నాం; విడిగా రెండు జన్యువులూ 3:1కి లోబడ్డాయి; జనక కలయికలు ఎక్కువగా ఉన్నందున సహలగ్నతను అనుమానిస్తున్నాం’ అని రాస్తే చాలు. ‘అనుమానిస్తున్నాం’ అన్న మాట ఉంచండి. దాన్ని గట్టిపరచడానికి పరీక్షా సంకరణం చేయాలి.

ఇందుకు విరుద్ధంగా, ఒక జన్యువు విడిగానే 3:1కి లోబడకపోతే సహలగ్నత గురించి మాట్లాడే ముందు వేరే చోట వెతకాలి. అంతర్గత మొక్కలు మొలకెత్తలేదా, లెక్కపెట్టకముందే చనిపోయాయా, మధ్యస్థంగా కనిపించేవాటిని ఇద్దరు విద్యార్థులు రెండు రకాలుగా రాశారా? పత్రహరితం లేని తెల్లమొలకల విషయంలో ఇది తరచూ జరుగుతుంది. గింజలోని ఆహారం అయిపోగానే అవి వాడిపోతాయి, ఆలస్యంగా లెక్కపెడితే తెల్లవి తక్కువ కనిపిస్తాయి.

9:3:3:1 కుదరలేదు. 9:7, 9:3:4 అన్నీ వేసి చూసి, కుదిరినదాన్ని రాయవచ్చా?

కుదిరినదాన్ని ‘తర్వాతి ఊహ’ అని రాయవచ్చు, ‘ఫలితం’ అని రాయకూడదు. నాలుగైదు నిష్పత్తులు వేసి చూస్తే ఏదో ఒకటి కుదరడం పెద్ద వింత కాదు. పైగా ఆ నిష్పత్తిని సూచించిన డేటాతోనే ఆ నిష్పత్తిని పరీక్షించడం పరీక్ష కాదు.

పసుపు ఎలుకల కథ ఇక్కడ దారి చూపుతుంది. రెండు పసుపు ఎలుకలను కలిపితే 3:1కి బదులు 2:1 వచ్చేది. అయితే 2:1ను నమ్మింది సంఖ్య కుదిరినందుకే కాదు. శుద్ధంగా సంతానమిచ్చే పసుపు ఎలుక ఒక్కటీ దొరకలేదు, పసుపు ఎలుకను వేరే రంగు ఎలుకతో కలిపితే 1:1 వచ్చింది. రెండు పసుపు యుగ్మవికల్పాలు కలిసిన పిండం బతకదన్న వివరణ నుంచి ఈ రెండూ సహజంగా వస్తాయి. మీ కొత్త ఊహ నుంచి కూడా ఇంకో సంకరణం ఫలితాన్ని ముందే చెప్పగలగాలి.

ఒక తరగతిలో ఆశించిన సంఖ్య 5 కన్నా తక్కువ ఉంది. ఏం చేయాలి?

వీలైతే ఇంకా గింజలు లెక్కపెట్టండి. 9:3:3:1లో చిన్న తరగతి పదహారో వంతు కాబట్టి కనీసం 80 గింజలుంటే అది 5కు చేరుతుంది. వీలు కాకపోతే జన్యుపరంగా అర్థమున్న తరగతులను కలిపి, డిగ్రీలు తగ్గించి, ఆ సంగతి రాయండి. చూడాల్సింది ఆశించిన సంఖ్యనే. గమనించిన సంఖ్య 2 అయినా, సున్నా అయినా ఇబ్బంది లేదు.

యేట్స్ సవరణ వాడాలా?

డిగ్రీ 1 ఉన్నప్పుడు మాత్రమే ఆ ప్రశ్న వస్తుంది. ప్రతి తేడా నుంచి, గుర్తు వదిలేసి, 0.5 తీసేసి వర్గం చేస్తారు. సంఖ్యలు వందల్లో ఉంటే నిర్ణయం దాదాపు మారదు. మీ సిలబస్ అడిగితే వాడండి, వాడినట్టు రాయండి.

కై-స్క్వేర్ దాదాపు సున్నా వస్తే అంత మంచిదా?

కాదు. నిజాయితీగా లెక్కపెట్టిన సంఖ్యల్లో ఊగిసలాట ఉండాలి. ఒక్క ప్రయోగంలో 0.470 రావడంలో వింతేమీ లేదు, మూడు డిగ్రీలకు ఇంత తక్కువ విలువ వందలో ఏడెనిమిది సార్లు వస్తుంది. అయితే 1936లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ మెండెల్ ప్రయోగాలన్నీ కలిపి చూస్తే 84 డిగ్రీలకు మొత్తం కై-స్క్వేర్ 41.6 మాత్రమే వచ్చింది. సగటున 84 దగ్గర ఉండాలి. అంత దగ్గరి పొంతన ఎలా వచ్చిందన్న చర్చ అక్కడ మొదలైంది. మెండెల్ కాలానికి ఈ పరీక్షే లేదు, కార్ల్ పియర్సన్ దాన్ని ప్రచురించింది 1900లో. మీ రికార్డులో విలువ 0.00 వస్తే సంఖ్యలను సర్దకండి, ముందు లెక్క మళ్లీ చూడండి. E బదులు O నే రెండుసార్లు రాసి ఉండవచ్చు.

కంప్యూటర్‌లో చేస్తే ఏం జాగ్రత్త పడాలి?

ఆర్‌లో ఒక్క వరుస చాలు:

```
chisq.test(c(315,108,101,32), p=c(9,3,3,1)/16)
```

`X-squared = 0.47002, df = 3, p-value = 0.9254` అని వస్తుంది. ఇందులో `p=` భాగం మరచిపోతే అది ఎర్రర్ చూపదు. నిష్పత్తి 1:1:1:1 అనుకుని లెక్క చేసేసి, 322.5 అని ఇస్తుంది. ఎక్సెల్‌లో అయితే కై-స్క్వేర్ మీరే కట్టి, `=CHISQ.DIST.RT(0.47,3)` అని టైప్ చేస్తే పి-విలువ వస్తుంది. అక్కడ రెండో సంఖ్య డిగ్రీలు, తరగతులు కాదు.